జవాబు సరిపోయింది, బొమ్మే తప్పు

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో లెక్కల పేపరుకు వారం ఉందనగా తెలుగు ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "అన్నీ అయ్యాయి, త్రికోణమితి ఒక్కటే కుదరలేదు." కృష్ణగిరి జిల్లాలో తెలుగు మాధ్యమం పిల్లలకు లెక్కలు చెప్పే మేము కొందరం ఈ మాట ఏటా వింటూనే ఉన్నాం. విన్నప్పుడల్లా మేము చెప్పే సలహా కూడా ఏటా ఒకటే: సూత్రాలు బాగా చూసుకోండి, పాత ప్రశ్నలు చేయండి, జవాబులు సరిచూసుకోండి. ఈ సలహాలో ఏదో లోటు ఉందని మాకు అనిపిస్తూనే ఉండేది గానీ, ఆ లోటు ఏమిటో వేలుపెట్టి చూపింది మాత్రం మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయే.

ఆమె నిరుడు పది రాసి ఇప్పుడు ప్లస్ వన్‌లో ఉంది. తన వీధిలోనే ఉంటూ ఈ ఏడు పది రాయబోతున్న పిల్లకు ఒక ఉత్తరం రాసింది. నోటుపుస్తకంలోంచి చింపిన నాలుగు కాగితాలు, రెండు వైపులా రాత, మధ్యమధ్య బొమ్మలు. ఆ పిల్ల దాన్ని లెక్కల పుస్తకంలో పెట్టుకుని బడికి తెచ్చింది. ఇద్దరినీ అడిగి, పేర్లు చెప్పకుండా, దాని గురించి ఇక్కడ రాస్తున్నాం. ఈ ఉత్తరంలో ఉన్న చాలా భాగంతో మేము ఏకీభవిస్తాం. ఒక్క చోట మాత్రం మా మాట వేరు. అది కూడా చెబుతాం.

ఉత్తరం ఇలా మొదలవుతుంది: "చెల్లీ, నిన్న నువ్వు లెక్క చూపించి జవాబు వచ్చిందక్కా అన్నావు. జవాబు వచ్చింది నిజమే. కానీ నీ బొమ్మ తప్పు. నీకు కోపం వస్తుందని నిన్న చెప్పలేదు. ఇవాళ రాస్తున్నాను, చదివి మళ్లీ గీయి."

ఆ లెక్క ఏమిటంటే, 60 మీటర్ల ఎత్తున్న దీపస్తంభం పైనుంచి ఒకే వైపు, ఒకే వరుసలో ఉన్న రెండు ఓడలను చూస్తే నిమ్నకోణాలు 60°, 30°. ఆ ఓడల మధ్య దూరం ఎంత? √3 విలువ 1.732గా తీసుకోవాలి. పరీక్షలో తరచుగా కనిపించే రకం లెక్కే ఇది.

ఆ పిల్ల స్తంభాన్ని AB అని నిలువుగా గీసింది. A పైన, B కింద. A నుంచి రెండు ఓడలకు రెండు గీతలు వాలుగా గీసింది. పైన A దగ్గర, స్తంభానికీ ఆ వాలు గీతలకూ మధ్య కోణాలు రాసింది. దగ్గరి ఓడకు 30°, దూరపు ఓడకు 60°. ఆపైన tan 60° = దూరం / 60 అని పెట్టి, ఒక ఓడ 60√3, అంటే 103.92 మీటర్ల దూరంలో ఉందని తేల్చింది. రెండోది 60/√3, అంటే 20√3, అంటే 34.64 మీటర్లు. తీసివేస్తే 69.28 మీటర్లు. పుస్తకం వెనక జవాబు చూస్తే అదీ 69.28 మీటర్లే. టిక్కు పెట్టేసింది.

కానీ నిమ్నకోణం స్తంభం దగ్గర ఉండదు. చూసేవారి కంటి ఎదురుగా నేలకు సమాంతరంగా ఒక అడ్డగీత ఉందనుకోవాలి. చూపు ఆ అడ్డగీత నుంచి ఎంత కిందికి దిగిందో ఆ కోణమే నిమ్నకోణం. సరైన బొమ్మలో A నుంచి AX అనే అడ్డగీత గీయాలి. 60°, 30° ఆ గీత కింద వస్తాయి. అప్పుడు 60° నిమ్నకోణంలో కనబడే ఓడే దగ్గరిది, 34.64 మీటర్ల దూరంలో ఉంటుంది. 30°లో కనబడేది దూరపుది, 103.92 మీటర్లు. ఆ పిల్ల బొమ్మలో ఓడలు రెండూ తారుమారయ్యాయి. అయినా తేడా మాత్రం అదే 69.28.

ఇది ఎలా జరిగిందో ఆ అక్క చక్కగా పట్టుకుంది. స్తంభానికీ అడ్డగీతకూ మధ్య 90° ఉంటుంది. కాబట్టి నిమ్నకోణం 60° అయితే స్తంభం దగ్గరి కోణం 30°, నిమ్నకోణం 30° అయితే అక్కడ 60°. లెక్కలో ఇచ్చిన జత 60, 30 కావడంతో తప్పు చోట పెట్టినా అవే రెండు దూరాలు వచ్చాయి, ఓడలు మాత్రం మారాయి. దూరాల తేడా అడిగారు గనుక తప్పు బయటపడలేదు. అదే "దగ్గరి ఓడకు నిమ్నకోణం ఎంత" అని అడిగి ఉంటే వెంటనే బయటపడేది.

ఉత్తరంలో తర్వాతి మాట ఇది: "ఇప్పుడు 60°ని తీసేసి 45° పెట్టి, నీ బొమ్మ ప్రకారమే చేసి చూడు. తర్వాత నా బొమ్మ ప్రకారం చేయి. రెండు జవాబులూ పక్కపక్కన రాయి."

మేమూ చేసి చూశాం. నిమ్నకోణాలు 45°, 30° అయితే సరైన బొమ్మలో దగ్గరి ఓడ 60 మీటర్లు, దూరపుది 103.92 మీటర్లు, మధ్య దూరం 43.92 మీటర్లు. ఆ పిల్ల బొమ్మలో 45° ఓడ 60 మీటర్లకు, 30° ఓడ 34.64 మీటర్లకు వస్తాయి. తేడా 25.36 మీటర్లు. నిన్నటి పద్ధతే, నిన్నటి బొమ్మే, కానీ ఇవాళ జవాబు కలవలేదు. ఇలాంటప్పుడే పిల్లలు "నిన్న వచ్చింది, ఇవాళ రాలేదు, ఈ పాఠం నాకు అర్థం కాదు" అని పుస్తకం మూసేస్తారు. నిజానికి నిన్న కూడా రాలేదు. వచ్చినట్టు కనిపించిందంతే.

మా సలహాలో ఉన్న లోటు ఇదే. చివరి వారంలో జవాబు కలిసిందా లేదా అని చూసుకోవడమే పునశ్చరణ అని మేము పిల్లలకు అలవాటు చేశాం. త్రికోణమితిలో ఎక్కువగా వచ్చే కోణాలు 30°, 45°, 60° కావడంతో, తప్పు దారిన వెళ్లినా సరైన జవాబు తగిలే అవకాశం మిగతా పాఠాలకంటే ఎక్కువ. ఒకే ఓడ, ఒకే 45° కోణం ఉన్న లెక్కలోనైతే కోణం స్తంభం దగ్గర పెట్టినా, అడ్డగీత దగ్గర పెట్టినా తేడాయే ఉండదు. అలాంటి లెక్కలు పది చేసినా నిమ్నకోణం వచ్చినట్టు కాదు. పరీక్షలో దిద్దేవారు చివరి జవాబు ఒక్కదాన్నే చూడరు, బొమ్మకూ మెట్లకూ మార్కులు వేస్తారు. కాబట్టి అదృష్టవశాత్తు కలిసిన జవాబు అక్కడ కూడా పూర్తిగా ఆదుకోదు.

మరి ఆ పిల్ల కోణాన్ని స్తంభం దగ్గర ఎందుకు పెట్టింది? ఇక్కడే మన బడుల పిల్లలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఆ పిల్ల బడిలో తెలుగులో ఊర్ధ్వకోణం, నిమ్నకోణం అని చదువుతుంది. సాయంత్రం ట్యూషన్‌లో తమిళంలో ఏట్రక్కోణం, ఇరక్కక్కోణం అని వింటుంది. ఇంట్లో అన్న ఇచ్చిన గైడులో యాంగిల్ ఆఫ్ ఎలివేషన్, యాంగిల్ ఆఫ్ డిప్రెషన్ అని ఉంటుంది. తమిళ మాటలు ఎక్కడం, దిగడం అనే క్రియల్లోంచి వచ్చాయి కాబట్టి, చూపు ఎక్కుతోందా దిగుతోందా అన్నది వినగానే కొంత తెలుస్తుంది. తెలుగులో నిమ్నం అంటే పల్లం అని పిల్లలకు ఎవరూ విడిగా చెప్పరు. "కింద ఉండే కోణం" అని అర్థం చేసుకున్న పిల్ల దాన్ని కింద ఓడ దగ్గర పెడుతుంది. "పైనుంచి కిందికి" అని అర్థం చేసుకున్న పిల్ల స్తంభం పక్కన పెడుతుంది. విచిత్రమేమంటే ఓడ దగ్గర పెట్టిన పిల్లకు జవాబు సరిగానే వస్తుంది, ఎందుకంటే అడ్డగీత, నేల సమాంతరాలు కాబట్టి ఏకాంతర కోణాలు సమానం. కానీ ఆ కారణం ఆమెకు తెలియదు, రాయదు.

అందుకే ఉత్తరంలో అక్క ఇలా రాసింది: "నోటుపుస్తకం మొదటి పేజీలో మూడు భాషల మాటలూ ఒకే వరుసలో రాసుకో. పక్కన మాటలతో అర్థం రాయకు, బొమ్మ గీయి. కన్ను, అడ్డగీత, చూపు గీత. చూపు పైకెక్కితే ఒక బొమ్మ, కిందికి దిగితే ఇంకో బొమ్మ. రెండిట్లోనూ కోణం అడ్డగీత నుంచే మొదలవుతుంది. ఇది తప్ప ఇంకేం గుర్తుపెట్టుకోవద్దు."

ఇక వారం రోజుల సంగతి. ఆమె వేసిన ప్రణాళికలో పని తక్కువ, గీయడం, రాయడం ఎక్కువ.

మొదటి రోజు సూత్రాల పట్టిక బట్టీ పట్టవద్దంటుంది, రెండు బొమ్మల నుంచి తయారు చేసుకోమంటుంది. భుజం 2 ఉన్న సమబాహు త్రిభుజాన్ని గీసి, పై శీర్షం నుంచి నిలువుగా సగానికి కోస్తే 1, √3, 2 భుజాలున్న లంబకోణ త్రిభుజం వస్తుంది. అందులో 30°, 60° రెండూ ఉన్నాయి. 30°కి ఎదుటి భుజం 1, కర్ణం 2, కాబట్టి sin 30° = 1/2. అదే బొమ్మలో tan 30° = 1/√3, tan 60° = √3. భుజం 1 ఉన్న చతురస్రాన్ని కర్ణం వెంట కోస్తే 1, 1, √2 భుజాలున్న త్రిభుజం, 45°. పట్టికలోని 30°, 45°, 60° విలువలన్నీ ఈ రెండు బొమ్మల్లో ఉన్నాయి. పరీక్ష హాల్లో tan 30° అనేది √3 అవునా, 1/√3 అవునా అని అనుమానం వస్తే బట్టీ పట్టిన పట్టిక ఆదుకోదు, బొమ్మ అర నిమిషంలో తేల్చేస్తుంది. 30° చిన్న కోణం, దాని ఎదుటి భుజం చిన్నది, కాబట్టి విలువ 1 కంటే తక్కువ ఉండాలి. ఈ రెండు బొమ్మలూ వారమంతా రోజూ పొద్దున అయిదు నిమిషాలు చూడకుండా గీయమంటుంది.

రెండు, మూడు రోజులు సర్వసమీకరణాలకు. ఉన్నవి మూడే:

sin²θ + cos²θ = 1
1 + tan²θ = sec²θ
1 + cot²θ = cosec²θ

మొదటిదాన్ని cos²θతో భాగిస్తే రెండోది, sin²θతో భాగిస్తే మూడోది వస్తాయి కాబట్టి గుర్తుంచుకోవలసింది ఒకటే. నిరూపణల గురించి ఆమె రాసిన నియమాలు రెండు. ఎక్కువ గజిబిజిగా ఉన్న వైపు తీసుకుని దాన్ని ఒక్కదాన్నే మార్చుకుంటూ రెండో వైపుకు చేరాలి, రెండు వైపులా ఒకేసారి మార్చకూడదు. దారి తోచకపోతే అంతా sin, cosలలోకి మార్చాలి. ఒక ఉదాహరణ ఇచ్చింది.

√((1 + cos θ)/(1 − cos θ)) = cosec θ + cot θ అని చూపాలి.

వర్గమూలం లోపల హారంలో 1 − cos θ ఉంది. అది ఒంటరిగా దేనికీ లొంగదు. 1 − cos²θ అయితే sin²θ అవుతుంది. కాబట్టి లోపల పైనా కిందా 1 + cos θతో గుణించాలి. పైన (1 + cos θ)², కింద 1 − cos²θ, అంటే sin²θ. వర్గమూలం తీస్తే (1 + cos θ)/sin θ. విడదీస్తే 1/sin θ + cos θ/sin θ, అదే cosec θ + cot θ. ఇక్కడ పట్టుకోవలసిన విషయం ఒకటే: 1 − cos θ, 1 + cos θ, 1 − sin θ, 1 + sin θ లాంటివి హారంలో కనిపిస్తే దాని జతతో గుణించి చూడాలి.

ఇక్కడ కూడా పిల్లలు చేసే తప్పు ఒకటుంది. sin²θ + cos²θ = 1 నుంచి sin θ + cos θ = 1 అని రాసేస్తారు, లేదా √(1 − sin²θ) అనేదాన్ని 1 − sin θ చేసేస్తారు. ఆమె చెప్పిన పరీక్ష తేలికైనది: అనుమానం ఉన్న మెట్టులో θ బదులు 30° లేదా 60° పెట్టి చూడు. 30° పెడితే sin θ + cos θ అంటే 0.5 + 0.866, అంటే 1.366. ఒకటి కాదు. తప్పు దొరికింది. పై ఉదాహరణలో 60° పెడితే ఎడమవైపు √3, కుడివైపు 2/√3 + 1/√3, అదీ √3. తప్పు దొర్లినట్టు లేదు. దీన్ని నిరూపణగా రాయకూడదు, చిత్తుకాగితం మీద సరిచూసుకోవడానికి మాత్రమే.

ఈ పరీక్షకు 45° మాత్రం వాడవద్దని ఆమె గీత గీసి మరీ రాసింది. కారణం, అక్కడ sin, cos రెండూ సమానం, tan, cot రెండూ 1. tan రాయవలసిన చోట cot రాసినా 45° దగ్గర సరిపోయినట్టే కనిపిస్తుంది. ఓడల లెక్కలో తప్పు ఎలా దాక్కుందో ఇక్కడా అలాగే దాక్కుంటుంది. ఈ ఉత్తరం మాకు నచ్చడానికి పెద్ద కారణం ఇదే. తప్పులు చేయవద్దని చెప్పడంతో ఆగకుండా, తప్పు ఎక్కడ కనపడకుండా ఉండగలదో అది చెబుతోంది.

నాలుగు, అయిదు రోజులు ఎత్తులు, దూరాలు. నాలుగో రోజు ఊర్ధ్వకోణం, అయిదో రోజు నిమ్నకోణం, రెండూ కలిసినవి. ఆమె ఇక్కడ విధించిన షరతు మాకు కొత్త. మొదట ఆరు లెక్కలకు బొమ్మ మాత్రమే గీయాలి, ఏ ఒక్కటీ పూర్తి చేయకూడదు. ప్రతి బొమ్మ కింద ఒక వాక్యం రాయాలి: ఏది దగ్గర, ఏది దూరం, ఏది ఎత్తు. బొమ్మలన్నీ అయ్యాక అప్పుడు లెక్క మొదలుపెట్టాలి. జవాబు వచ్చాక ఆ వాక్యంతో పోల్చాలి. మేడ మీద నిలబడి గోడ పక్కనున్న మనిషిని చూడాలంటే తల బాగా వంచాలి, వీధి చివరి చెట్టును చూడాలంటే కొంచెం వంచితే చాలు. కాబట్టి నిమ్నకోణం ఎక్కువగా ఉన్నదే దగ్గరగా రావాలి. రాకపోతే కోణం తప్పు చోట పెట్టినట్టే. ఇంకో మాట: √3కి బదులు 1.732 చివరి మెట్టులోనే పెట్టాలి. మధ్యలో పెడితే గుణకారాలు పెరిగి, ఓడలు సరైన చోట ఉన్నా అంకెలు జారిపోతాయి.

ఆరో రోజు పాత ప్రశ్నపత్రాల్లోంచి త్రికోణమితి ప్రశ్నలు మాత్రమే ఏరి గడియారం పెట్టుకుని రాయాలి. మూడు గంటల్లో 100 మార్కులంటే అయిదు మార్కుల ప్రశ్నకు 9 నిమిషాలు. దిద్దుకునే సమయం మిగలాలంటే 8 నిమిషాల్లో అయిపోవాలి. ఏడో రోజు కొత్త లెక్క ఒక్కటీ ముట్టకూడదు. వారంలో తప్పయిన లెక్కలను మాత్రం పాత జవాబు చూడకుండా తిరిగి రాయాలి.

మేము ఏకీభవించనిది ఈ క్రమంతోనే. సర్వసమీకరణాలు ముందు, ఎత్తులు దూరాలు తర్వాత అని ఆమె పెట్టింది. పాఠ్యపుస్తకంలో ఉన్న వరుస అదే, ఆమె చదువుకున్నదీ అలాగే. బీజగణితంలో చేయి తిరిగిన పిల్లకు అది సరిపోతుంది. వెనకబడిన పిల్లకు సరిపోదని మా అనుభవం. సర్వసమీకరణాల్లో పిల్లలు తడబడేది చాలావరకు త్రికోణమితి దగ్గర కాదు, భిన్నాలు కలపడం, కారణాంకాలు తీయడం దగ్గర. ఆ లోటు రెండు రోజుల్లో పూడదు. ఎత్తులు, దూరాల లెక్కల్లో చాలావాటికి కావలసింది సరైన బొమ్మ, tan విలువలు మూడు. అది రెండు రోజుల్లో వస్తుంది.

ఏ పిల్ల ఏ వైపో ఎలా తెలుస్తుంది? మొదటి రోజే 1/(1 − x) + 1/(1 + x) ఎంతో చేయమనండి. రెండు నిమిషాల్లో 2/(1 − x²) అని తెస్తే ఆ పిల్ల ఉత్తరంలోని క్రమంలోనే వెళ్లవచ్చు. ఎందుకంటే x బదులు sin θ పెడితే అదే లెక్క 2/cos²θ, అంటే 2 sec²θ అవుతుంది. సగం నిరూపణలు ఈ తరహావే. ఆ చిన్న లెక్క దగ్గరే ఆగిపోతే మొదటి రోజు బొమ్మల తర్వాత నేరుగా ఎత్తులు, దూరాలకు వెళ్లాలి. సర్వసమీకరణాలు నాలుగు, అయిదు రోజుల్లో ఎంత వస్తే అంత.

మరో సలహా కూడా ఊళ్లో తిరుగుతూ ఉంటుంది: ఎలాగూ ఎంపిక ఉంది కదా, ఈ పాఠం వదిలేయవచ్చు అని. తమిళనాడు పదో తరగతి లెక్కల పేపరులో రెండు మార్కుల ప్రశ్నలు 14 ఇచ్చి 10, అయిదు మార్కులవి 14 ఇచ్చి 10 రాయమంటారు నిజమే. కానీ రెండు విభాగాల్లోనూ ఒక్కో ప్రశ్న తప్పనిసరి. అది ఏ పాఠం నుంచైనా రావచ్చు. ఒక పాఠం మొత్తం వదిలేసిన పిల్లకు మిగతా వాటిల్లో ఏరుకునే వీలూ ఆ మేరకు తగ్గుతుంది. ఎంపిక ఉన్నది హాల్లో ఒక లెక్క కుదరనప్పుడు పక్కదానికి వెళ్లడానికి. దాన్ని వారం ముందే ఇంట్లో ఖర్చుపెట్టేస్తే హాల్లో మిగిలేది ఏమీ ఉండదు.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. మూడు భాషల మాటలను ఒకే బొమ్మ పక్కన నల్లబల్ల మీద రాయడం ఆ అమ్మాయికి తట్టేదాకా మాకు తట్టలేదు. మా పిల్లలు బడి దాటగానే ఇంకో భాషలో లెక్కలు వింటారని తెలిసీ, మా తరగతిలో తెలుగు మాట ఒక్కటే చెప్పి ఊరుకున్నాం. తెలుగు మాటను వదలమని కాదు. ఆ మాట వినగానే పిల్ల కళ్ల ముందు అడ్డగీత మెదలాలి. ఏ భాషలో విన్నా అదే గీత మెదిలితే ట్యూషన్‌లో చెప్పిందీ, బడిలో చెప్పిందీ ఒకదానికొకటి అడ్డుపడవు. పరీక్ష పెట్టేటప్పుడు కూడా 30°, 60° జత ఉన్న ఓడల లెక్క ఒక్కటే ఇచ్చి తృప్తి పడకుండా, 45°, 30° జతతో ఇంకోటి ఇవ్వాలి. ఏ పిల్ల బొమ్మ తప్పో మొదటి దానిలో తెలియకపోయినా రెండోదానిలో తెలిసిపోతుంది.

తల్లిదండ్రులకు త్రికోణమితి రానక్కర్లేదు. చివరి వారంలో కొత్త గైడు కొని తేవద్దు, ఎన్ని లెక్కలు చేశావని అడగవద్దు. పిల్ల గీసిన ఒక బొమ్మ తీసుకుని మూడు ప్రశ్నలు అడగండి. చూసేవారు ఎక్కడ నిలబడ్డారు? ఎటు చూస్తున్నారు? ఇందులో ఏది దగ్గర? పిల్ల వేలు పెట్టి చూపిస్తూ మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ లెక్క వచ్చినట్టే. "అది అంతే నాన్నా, జవాబు సరిపోయింది" అంటే మాత్రం అడ్డగీత ఉందేమో చూడండి. లేకపోతే మళ్లీ గీయమనండి.

ఉత్తరం అందుకున్న పిల్ల మర్నాడు ఆ లెక్కనే తిరిగి చేసి మాకు చూపించింది. జవాబు అదే, 69.28 మీటర్లు. ఈసారి A నుంచి అడ్డగీత ఉంది, దాని మీద సమాంతరం అని రాసి ఉంది, 60° ఓడ దగ్గరగా ఉంది. నిన్న పెట్టుకున్న టిక్కును కొట్టేసి, పక్కన కొత్తది పెట్టుకుంది.